ఎదకొచ్చింది సరే, ఎన్ని గంటలకు?

మా ఊరు నర్సంపేట దగ్గర. ఎనిమిదేళ్లుగా సౌదీలో, అల్ ఖర్జ్ వైపు ఒక పెద్ద డెయిరీలో పని చేస్తున్నాను. మా దిక్కు నుంచి గల్ఫ్ పోయినోళ్లంటే మేస్త్రీ పనో, డ్రైవర్ పనో అనుకుంటారు. నేను ఆవుల దగ్గర అని చెబితే, దానికి విమానం ఎక్కి పోవాల్నా అని మా మేనమామ ఇప్పటికీ నవ్వుతాడు.

మొదట పాలు పితికే మిషన్ల దగ్గర వేశారు. రెండేళ్ల తర్వాత ఆవులను చూడి కట్టించే టీంలో హెల్పర్‌గా మార్చారు. పని చెబితే తేలిగ్గానే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి, పాలు తీసిన ఆవులన్నీ మేత దగ్గర వరసగా నిలబడితే, వాటి వెనక నడుచుకుంటూ ప్రతి ఆవు తోక మొదట్లో వీపు మీద రంగు సుద్దతో గీత గీయాలి. మరుసటి రోజు పొద్దున ఆ గీత చెరిగిపోయి ఉంటే, రాత్రి వేరే ఆవులు దాని మీదికి ఎక్కాయని, అది కదలకుండా నిలబడిందని అర్థం. ఎక్కిన ఆవు కాదు, కింద నిలబడిన ఆవే ఎదలో ఉన్నది. ఇది తెలియక నేను మొదటి వారం తప్పు ఆవుల నంబర్లు రాసి తిట్లు తిన్నాను. గీత చెరిగిన ఆవు నంబరు కొట్టి చూస్తే ఈనిన తేదీ, పోయిన ఎద తేదీ, కట్టడానికి వీర్యం సూది వేసిన తేదీ అన్నీ స్క్రీన్ మీద కనబడతాయి. అక్కడ ఆవు కట్టకపోతే ఎవరూ దిష్టి అనరు, ముందు తేదీలు చూస్తారు.

ఇంటి దగ్గర మాకు నాలుగు సంకర జాతి జెర్సీ ఆవులు. రెండేళ్ల కింద వాటిలో మూడు తిరిగి పొర్లుతున్నాయని ఫోన్‌లో బాపు ఒకటే బాధ. ఎదకు వస్తుంది, సూది వేయిస్తారు, మళ్లీ ఎదకు వస్తుంది. ఎర్రావుకు నాలుగు సార్లయింది. అమ్మేద్దామంటే, కట్టని ఆవును కొనేది కటికోడే. నేను తమ్ముడితో ఒకటే చెప్పాను, "అరే, ఏ ఆవు ఏ తారీఖున ఎదకు వచ్చిందో నాకు రాసి పంపు." వాడు గోడ క్యాలెండర్ ఫోటో తీసి వాట్సాప్ చేశాడు. అమ్మ పాల లెక్క కోసం గీతలు పెట్టే క్యాలెండర్ అది, ఎద రోజున సున్నా చుట్టే అలవాటు ఆమెకు ముందు నుంచే ఉంది. సగం పని అక్కడే అయింది.

ఎర్రావు సున్నాలు చూస్తే 21 రోజులు, 20, 22. లచ్చివి 34, 21, 38. నల్లావుకు ఎద మసకగా వస్తుంది, ఉందో లేదో తెలియదు. మూడూ కట్టడం లేదు, కానీ మూడూ ఒకే జబ్బు కాదని ఆ అంకెల్లోనే కనిపించింది. ఆవు సరిగ్గా మూడు వారాలకు తిరిగి వస్తే అసలు పిండమే ఏర్పడలేదని, లేదా ఏర్పడిన కొద్ది రోజులకే పోయిందని అనుకోవాలి. గర్భంలో పిండం ఉందని ఆవు ఒంటికి 16, 17 రోజులప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత పిండం చనిపోతే ఎద ఆలస్యంగా, 25 రోజులు దాటాక వస్తుంది. 42 రోజులైతే మధ్యలో ఒక ఎదను మనం చూడలేదని అర్థం చేసుకోవచ్చు, కానీ 34, 38 అంటే ఆ లెక్కకు కుదరదు. లచ్చికి పిండం నిలబడి పోతోంది.

నవంబరు చివర్లో 60 రోజుల సెలవు మీద వచ్చాను. ఎండాకాలంలో వస్తే ఏమీ తేలేది కాదు, మే నెల వేడికి మంచి ఆవు కూడా తిరగ పొర్లుతుంది.

ముందు ఎర్రావు. అమ్మను కూర్చోబెట్టి పోయిన ఎద గురించి గంటల వారీగా అడిగాను. "రాత్రి మేం పండుకునేటప్పుడే ఒర్లింది బిడ్డా, తెల్లారి పాలకు కూసుంటే తీగలు కనవడ్డయి" అంది. ఎదలో ఆవుకు కారే జిగురు తీగలవి. తమ్ముడికి ఆ మాట అన్నం తిన్నాక చెప్పింది, వాడు పొలం నుంచి వచ్చి మధ్యాహ్నం ఊళ్లు తిరిగి ఆవులకు సూది వేసే గోపాలమిత్రకు ఫోన్ చేశాడు, ఆయన మరుసటి రోజు పదకొండింటికి వచ్చాడు. ఆయనకు బండి మీద తిరగాల్సిన ఊళ్లు ఎన్నో, ఫోన్ వచ్చినాకనే కదా బయలుదేరేది. ఇప్పుడు లెక్క వేయండి. ఎద రాత్రి పదింటికి మొదలైంది. అండం విడుదలయ్యేది ఎద మొదలైన 28 గంటలకు అటూ ఇటూగా, అంటే రెండో రాత్రి రెండింటికి. సూది పడింది పొద్దున పదకొండింటికి. విడుదలైన అండం ఆరు నుంచి పన్నెండు గంటలే పనికొస్తుంది, వీర్య కణాలు లోపలికి వెళ్లి సిద్ధం కావడానికి ఇంకో ఆరేడు గంటలు కావాలి. ఆ కణాలు తయారై చేరేసరికి అండం ఎప్పుడో పాడైపోయింది. నాలుగు సార్లూ ఇదే వరస.

దీనికి ఇంట్లోనే ఒక సాక్ష్యం కూడా ఉంది. సూది వేసిన సాయంత్రమే తోకకు నెత్తురు తీగ అంటిందని అమ్మ చెప్పింది. ఎర్ర తీగ వస్తే కట్టలేదని మా ఊళ్లో అనుకుంటారు, అది నిజం కాదు. అది కట్టిందనీ చెప్పదు, కట్టలేదనీ చెప్పదు. ఎద దాటిపోయిన ఒకటి నుంచి మూడు రోజుల్లో చాలా ఆవులకు అలా కనిపిస్తుంది. కానీ సూది వేసిన రోజే కనబడితే మాత్రం మనం ఆలస్యం చేశామన్నట్టే.

పొద్దున ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మరుసటి పొద్దున సూది, ఈ సూత్రం అందరికీ తెలుసు. చిక్కు ఎక్కడంటే చూడడంలో. నేను గొప్పగా సౌదీ నుంచి సుద్ద ముక్కలు సంచిలో వేసుకొచ్చి మా ఆవుల మీద గీతలు గీశాను. వారం రోజులైనా ఒక్క గీతా చెరగలేదు. మావి కొట్టంలో కట్టేసి ఉంటాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కేదెలా? బాపు ఏమీ అనలేదు గానీ మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ తర్వాత పొద్దున, సాయంత్రం అరగంట చొప్పున బోరు పక్కన బీడులో విడిచిపెట్టడం మొదలుపెట్టాం. డిసెంబరులో ఒక సాయంత్రం ఐదున్నరకు నల్లావు ఎక్కితే ఎర్రావు కదలకుండా నిలబడింది. మధ్యాహ్నం దాకా దానికి ఏ గుర్తూ లేదు. అప్పుడే ఫోన్ చేశాం, గోపాలమిత్ర అన్న మరుసటి రోజు ఏడింటికి వచ్చాడు. గోరువెచ్చని నీళ్లు అంటే మన చేతికి తెలిసేది కాదని థర్మామీటర్ పెట్టి 37 డిగ్రీలు చూపించాను, గడ్డకట్టిన వీర్యం ఉన్న గొట్టం కరగడానికి అర నిమిషం అందులో ఉంచి తీశాం. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు, తర్వాత ఆ థర్మామీటర్ ఆయనే అడిగి తీసుకున్నాడు.

లచ్చి సంగతి వేరు. పోయిన ఈతలో మాయ పడలేదు. పన్నెండు గంటల్లో పడాల్సింది రెండో రోజుకూ పడకపోతే ఎవరినో పిలిచి చేయి పెట్టి లాగించారు. నాకు అప్పుడు చెప్పలేదు, నేను టెన్షన్ పడతానని. ఎదలో దాని తీగలు పట్టి చూస్తే కోడిగుడ్డు తెల్లసొనలా ఉండాల్సింది మసకగా, మధ్యలో తెల్లటి పలుకులతో ఉంది. డాక్టర్ గారు ఆ తీగను గాజు గొట్టంలో తీసుకుని, అంతే కొలత పది శాతం సోడియం హైడ్రాక్సైడ్ కలిపి మంట మీద కాచారు. పసుపు రంగుకు తిరిగింది. గర్భసంచిలో చీము కణాలు ఉన్నాయని అర్థం. ఏ క్రిమో ఆ పరీక్ష చెప్పదు, దానికి ల్యాబ్‌లో పెంచి ఏ మందుకు చస్తుందో చూడాలి. తమ్ముడు మెడికల్ షాపులో ఏదో ఒక యాంటీబయాటిక్ తెచ్చి ఎక్కిస్తానన్నాడు, నేను గట్టిగా వద్దన్నాను. డాక్టర్ గారు ల్యాబ్ రిపోర్టు చూసి మందు వేశారు, ఆయన చెప్పినన్ని రోజులు పాలు పోయలేదు. కష్టమైన మాట ఆ తర్వాత వచ్చింది: తర్వాతి ఎదకు సూది వేయకుండా ఖాళీగా వదిలేయాలి. చేతికొచ్చిన ఎదను వదిలేయమంటే బాపుకు ప్రాణం పోయినట్టయింది. పుండు ఉన్న సంచిలో పిండం పెట్టి మళ్లీ 38 రోజులు పోగొట్టుకోవడం కన్నా 21 రోజులు ఆగడం నయం కదా అని లెక్క చెబితే ఒప్పుకున్నాడు.

నల్లావు అసలు బక్కది. ఈని మూడు నెలలు, తొమ్మిది లీటర్లు ఇస్తోంది, తింటున్నది మాత్రం వరిగడ్డి, రెండు కిలోల తవుడు. తన ఒంటి కొవ్వు కరిగించి పాలిస్తోంది, పక్కటెముకలన్నీ లెక్కపెట్టొచ్చు. అలాంటి ఆవుకు అండం సరిగ్గా పెరగదు, ఎద మసకగానే వస్తుంది. ఒంటికి ఒకటిన్నర కిలో, ఆపైన లీటరు పాలకు 400 గ్రాములు అన్న లెక్కన దీనికి ఐదు కిలోల దాణా పడాలి, తోడు పచ్చిగడ్డి, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం. బాపు విని పత్తి చెక్క ఒక్కటే మూడు కిలోలకు పెంచాడు. పేడ పలచబడింది, ఆవు అలాగే ఉంది. కావాల్సింది శక్తి, ఒట్టి మాంసకృత్తులు ఎక్కువైతే రక్తంలో యూరియా పెరిగి కట్టడం ఇంకా తగ్గుతుంది. చెక్క తగ్గించి మక్కల పిండి కలిపాం, ఒక్కసారిగా కాదు, పది రోజుల్లో కొంచెం కొంచెం పెంచుకుంటూ. దీని ఫలితం నా సెలవులో కనబడదని ముందే చెప్పాను. ఈ రోజు తిన్న దాణా మంచి అండంగా బయటికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

జనవరి చివర్లో తిరిగి వెళ్లిపోయాను. ఫిబ్రవరిలో డాక్టర్ గారు చేయి పెట్టి చూసి ఎర్రావు చూడి అన్నారు. లచ్చికి ఖాళీ ఎద తర్వాత వేసిన మొదటి సూది నిలవలేదు, 21 రోజులకు తిరిగి వచ్చింది. 34, 38 కాకుండా 21 అయినందుకు నేను లోపల కొంచెం సంతోషపడ్డాను, బాపుకు మాత్రం ఆ సంతోషం ఏంటో అర్థం కాలేదు. ఆ తర్వాతి దానికి కట్టింది.

నల్లావు గురించి ఏప్రిల్‌లో ఫోన్ వచ్చింది. ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర దాటింది, ఊళ్లో ఆరు. డ్యూటీలో ఉండి ఎత్తాను. బాగున్నవా, తిన్నవా అని ఏమీ లేదు. "ఐదున్నరకు నిలవడ్డది బిడ్డా, నేనే చూసిన. పొద్దుగాల ఏడింటికి రమ్మని చెప్పినం" అని అమ్మ పెట్టేసింది.