యూపీఎస్ గెజిట్‌ను ఒక్క పేజీకి కుదించిన నా అనుభవం

2025 జనవరి 24న కేంద్ర ఆర్థిక శాఖ యూపీఎస్ గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చింది. యూపీఎస్ అంటే కేంద్ర ఉద్యోగులకు హామీ పెన్షన్ ఇచ్చే ఏకీకృత పెన్షన్ పథకం. విశాఖలో నేను పనిచేసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో సగానికి పైగా 2004 తర్వాత చేరినవాళ్లే, అంటే ఖాతాలో పోగైన సొమ్మును బట్టి పెన్షన్ వచ్చే ఎన్‌పీఎస్ కిందివాళ్లే. ఏం మారింది, ఎవరికి వర్తిస్తుంది, ఎప్పటి నుంచి అన్నది తెలుగులో ఒక పేజీలో రాసిపెట్టమని సంఘం వాళ్లు నన్ను అడిగారు. ఆ పని ఎలా చేశానో చెబుతాను. పెద్ద ఉత్తర్వు చేతికొచ్చినప్పుడు ఇదే క్రమం పనికొస్తుందని నా నమ్మకం.

మొదట తేదీల సంగతి తేల్చుకున్నాను. పథకం ఏం ఇస్తుందో చదవకముందే ఎర్ర పెన్నుతో తేదీలన్నిటి కింద గీతలు గీశాను. నోటిఫికేషన్ తేదీ జనవరి 24. అమలు తేదీ ఏప్రిల్ 1. కొత్త పథకంలోకి వస్తామని చెప్పడానికి గడువు వేరే. ఈ మూడూ మూడు రకాల తేదీలు. పేపర్లలో, వాట్సాప్‌లో ఇవి కలిసిపోయి, "జనవరి నుంచి యూపీఎస్" అని కొందరు, "ఏప్రిల్ 1 లోపు రాసివ్వకపోతే పోయినట్టే" అని ఇంకొందరు తిరిగారు. నా పేజీలో ఒక్కో తేదీ పక్కన అది దేనికి సంబంధించిన తేదీయో రాశాను. ఆ రోజు దాటితే ఏమవుతుందో కూడా రాశాను.

తేదీలు ముందు పట్టుకోవడానికి కారణం ఉంది. ఎవరికి వర్తిస్తుంది అన్న ప్రశ్నకు జవాబు ఆ తేదీల్లోనే ఉంటుంది. ఈ పథకంలో మనుషుల్ని విడదీసేది 2025 ఏప్రిల్ 1. ఆ రోజుకి ఎన్‌పీఎస్ కింద కేంద్ర సర్వీసులో ఉన్నవాళ్లు ఒక వర్గం. ఆ రోజున గానీ తర్వాత గానీ కొత్తగా చేరేవాళ్లు రెండో వర్గం, వాళ్లు చేరిన 30 రోజుల్లో ఏది కావాలో తేల్చి చెప్పాలి. మార్చి 31 లోపు కనీసం పదేళ్ల సర్వీసుతో రిటైరైన ఎన్‌పీఎస్ వాళ్లు మూడో వర్గం.

మూడో వర్గం దగ్గర నేను చాలాసేపు ఆగాను, ఎందుకంటే అందులో ఇంకొకరు ఉన్నారు. రిటైరయ్యాక, యూపీఎస్ ఎంచుకోకముందే చనిపోయిన ఉద్యోగి భార్య లేదా భర్త. వీళ్లు ఆఫీసుకి రారు, మన నోటీసు బోర్డు చూడరు, గ్రూపుల్లో ఉండరు. అందుకే వాళ్ల కోసం పేజీలో వేరే పేరా పెట్టి, ఆ కుటుంబాలకు విడిగా ఫోన్ చేయమని సంఘంలో పట్టుబట్టాను. ఒకావిడ "మా ఆయన పోయి ఏడాది దాటింది బాబూ, ఇంకా మాకేం వస్తుంది?" అన్నారు. పదేళ్ల సర్వీసు ఉందా, ఎన్‌పీఎస్ సొమ్ములో ఎంత తీసుకున్నారు, ఆ సొమ్ముతో కొన్న యాన్యుటీ, అంటే నెలనెలా వచ్చే పెన్షన్, ఎంత వస్తోంది, ఈ మూడే అడిగాను. తీసుకున్న సొమ్మును, యాన్యుటీని సర్దుబాటు చేశాక మిగిలేదే నెలనెలా అదనంగా ఇస్తారు. పాత బకాయి ఉంటే పీపీఎఫ్ వడ్డీ రేటుతో కలిపి ఇస్తారు.

ఎవరికి వర్తించదో కూడా రాయాలి. రాష్ట్ర ప్రభుత్వ టీచర్లు కొందరు "అన్నా, మా సీపీఎస్ కూడా యూపీఎస్ అయిపోయిందా?" అని అడిగారు. సీపీఎస్ అంటే రాష్ట్ర ఉద్యోగులకున్న ఇలాంటి పెన్షన్ పథకం. ఈ నోటిఫికేషన్ మాత్రం కేంద్ర ఉద్యోగులది. రాష్ట్రం తన సొంత ఉత్తర్వు ఇస్తే తప్ప వాళ్లకు ఏమీ మారదు. కేంద్ర ఉద్యోగుల్లోనూ రాజీనామా చేసినా, ఉద్యోగం నుంచి తొలగించినా ఈ హామీ పెన్షన్ రాదు.

ఇక మార్పులు. "25 ఏళ్లకు 50 శాతం పెన్షన్" అన్న ఒక్క వాక్యమే అందరి నోటా ఆడింది. అది తప్పు కాదు, కానీ దాని వెనకున్న షరతులు రాలిపోయాయి. కుదించేటప్పుడు మొదట ఎగిరిపోయేవి "అయితే", "మించకుండా", "లోబడి" అన్న మాటలే. అందుకే వాటికి గుండ్రాలు చుట్టి, ఒక్కోదాన్నీ లెక్కలో పెట్టి చూశాను.

2007 జులై 1న చేరి, 2025 జూన్ 30న రిటైరైన ఉద్యోగిని ఊహించుకోండి. సర్వీసు 18 ఏళ్లు, అంటే 216 నెలలు. చివరి 12 నెలల సగటు బేసిక్ 60,000 రూపాయలు. చివరి ఇంక్రిమెంట్ 2024 జులైలో వచ్చింది కాబట్టి సగటు, చివరి బేసిక్ ఒకటే. సగం 30,000. పూర్తి పెన్షన్‌కు కావాల్సిన సర్వీసు 25 ఏళ్లు, అంటే 300 నెలలు కాబట్టి 30,000ని 216తో గుణించి 300తో భాగిస్తే 21,600. దీని మీద డీఆర్, అంటే పెన్షనర్లకిచ్చే కరువు భత్యం ఉంటుంది. ఇక్కడికి చాలామంది ఆగిపోతారు. ఆ ఉద్యోగి ఖాతాలో ఉన్న సొమ్మును ప్రామాణిక నిధితో పోల్చే మెలిక ఇంకొకటి ఉంది. నెలనెలా చందాలన్నీ సక్రమంగా పడి, మధ్యలో ఏమీ తీయకుండా, డిఫాల్ట్ పద్ధతిలో పెట్టుబడి పెట్టి ఉంటే ఎంత అయ్యేదో ఆ మొత్తమే ప్రామాణిక నిధి. అమ్మాయి పెళ్లికో ఇంటికో కొంత తీసుకోవడం వల్ల ఖాతాలో దానికి 80 శాతమే ఉందనుకుందాం. అప్పుడు 21,600 కాస్తా 17,280 అవుతుంది. కావాలంటే ఆ లోటును ఉద్యోగి పూడ్చుకోవచ్చు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కనే వేశాను.

రిటైరయ్యే రోజు వచ్చే ఏకమొత్తం వేరు. బేసిక్, డీఏ కలిపి అందులో పదో వంతు, నిండిన ప్రతి ఆరు నెలలకు ఒకసారి చొప్పున. 2025 జూన్‌లో డీఏ 55 శాతం కాబట్టి పై ఉద్యోగికి 93,000లో పదో వంతు 9,300, దాన్ని 36తో గుణిస్తే 3,34,800 రూపాయలు. దీనివల్ల నెల పెన్షన్ తగ్గదు.

స్వచ్ఛందంగా తప్పుకునేవాళ్ల షరతును మాత్రం ముద్దక్షరాల్లో పెట్టాను. 25 ఏళ్లు నిండాక వెళ్లిపోవచ్చు, కానీ పెన్షన్ మొదలయ్యేది మామూలుగా రిటైరవ్వాల్సిన తేదీ నుంచే. 49 ఏళ్లకు తప్పుకున్నవాడికి 60 వచ్చేదాకా ఆ పెన్షన్ ఉండదు. ఇంటి అప్పు ఉన్నవాళ్లు ఈ ఒక్క వాక్యం చదివి నిర్ణయం మార్చుకున్నారు. ప్రభుత్వ వాటా సంగతి కూడా అలాంటిదే. ఎన్‌పీఎస్‌లో 14 శాతం మన ఖాతాలోనే పడేది, యూపీఎస్‌లో ఖాతాకు 10 శాతం వస్తుంది, మరో 8.5 శాతం ఉమ్మడి నిధికి వెళుతుంది.

గడువు విషయంలో కష్టమేమిటంటే అది కదిలింది. మొదట జూన్ 30, తర్వాత సెప్టెంబర్ 30, చివరికి 2025 నవంబర్ 30. పాత పేజీ ఫొటోలు మాత్రం గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. అందుకని ప్రతి కొత్త పేజీ నెత్తిన "ఇది ఫలానా తేదీ వరకు వచ్చిన ఉత్తర్వుల ప్రకారం" అని పెద్దగా వేసి, ఏ ఉత్తర్వుతో ఏ వాక్యం మారిందో కింద రాశాను. ఒకసారి యూపీఎస్‌లోకి వస్తే వెనక్కి పోలేం అన్న వాక్యం కూడా అలాగే మారింది. 2025 ఆగస్టులో ఎన్‌పీఎస్‌కు ఒక్కసారి తిరిగి వెళ్లే వీలు ఇచ్చారు. రిటైర్మెంట్‌కు ఏడాది ముందే, స్వచ్ఛంద విరమణ అయితే మూడు నెలల ముందే అడగాలి. పాత వాక్యాన్ని చెరిపేయకుండా అడ్డంగా కొట్టేసి కొత్తది పక్కన రాశాను. పాత ఫొటో చూసినవాళ్లకు ఏది మారిందో వెంటనే తెలియాలంటే అదే మేలు.