మొదటి ఫ్రీలాన్స్ పని ఎంచుకోబోయి నేను పడిన పాట్లు

నాలుగేళ్లు కడపలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ చేశాను. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలప్పుడు ఫ్లెక్సీలు. మొన్న ఎండాకాలంలో ఓనరు ప్రెస్ మూసేశాడు. రెండు నెలల జీతం ఇప్పటికీ బాకీ. ఆ సంగతి తీస్తే రాత్రికి నిద్ర పట్టదు కాబట్టి వదిలేస్తున్నా.

చేతిలో పాత ల్యాప్‌టాప్, ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నాయి. ఇంటి నుంచే పని చేసుకుందామని మిగిలిపోయిన శుభలేఖ ఒకటి తీసి, వెనక మూడు గళ్లు గీశాను. నాకు ఏమొచ్చు, ఇంకా ఎంత నేర్చుకోవాలి, మొదటి రూపాయి ఎన్నాళ్లకొస్తుంది.

వెబ్‌సైట్లు చేయడం నాకు సున్నా నుంచి నేర్చుకునే పని, ఆరు నెలలైనా పడుతుంది. కొట్టేశాను. షాపుల లెక్కలు రాసే టాలీ, డిగ్రీలో నేర్చుకున్నదే గానీ సగం మరిచిపోయాను. జీఎస్టీలో నేను తప్పు వేస్తే జరిమానా కట్టేది షాపువాడు. అదీ కొట్టేశాను. కోరెల్‌డ్రా వచ్చు కాబట్టి లోగోలు చేయొచ్చనుకుని Fiverr అనే ఫ్రీలాన్స్ సైట్‌లో ఒక గిగ్, అంటే ‘ఈ పని చేసిస్తాను’ అనే ప్రకటన, పెట్టాను. అక్కడ పని పూర్తయ్యాక కూడా కొత్తవాళ్లకు డబ్బు చేతికి రావడానికి 14 రోజులు ఆగాలి, అందులో 20 శాతం వాళ్ల కమీషన్. అదీ ఆర్డర్ వస్తేనే. నెలన్నరలో ఒక్కటీ రాలేదు. రివ్యూ లేనివాడికి ఆర్డరివ్వరు, ఆర్డర్ లేనివాడికి రివ్యూ రాదు.

నాలుగోది తెలుగు టైపింగ్. తెలుగు డీటీపీకి వాడే ‘అను’ ఫాంట్లలో నా చేయి వేగం చూస్తే ప్రెస్‌లో పెద్దాయన కూడా ‘ఏం రా అబ్బీ, మిషనా నువ్వు’ అనేవాడు. కానీ నాలుగేళ్లు చేసి విసిగిపోయిన పని కదా, దాని ఎదురుగా గళ్లు నింపనే లేదు.

ఐదోది డేటా ఎంట్రీ. మూడో గడిలో ‘ఆరు రోజులు’ అని రాసుకున్నాను. నా కొంప ముంచింది ఆ గడే.

వాట్సాప్‌లో ఒక ప్రకటన వచ్చింది. ఇంగ్లీషు పేజీల ఫొటోలు 500 ఇస్తారు, చూసి టైప్ చేయాలి, పేజీకి 40 రూపాయలు. అంటే ఆరు రోజుల్లో 20 వేలు. రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేదు. ఫీజు అడిగేవాళ్లే మోసగాళ్లని చదివి ఉన్నాను కాబట్టి వీళ్లు మంచోళ్లనుకున్నా. ఆధార్ పంపించాను. పదిపేజీల అగ్రిమెంటు చదవకుండా ఆన్‌లైన్‌లో సంతకం పెట్టేశాను. పని వాళ్ల పోర్టల్‌లోనే చేయాలి, తప్పులు పది శాతం దాటకూడదు.

రోజుకు 83 పేజీలు. నిద్రపోకుండా చేసినా కాదు. మా చెల్లెల్ని కూడా కూర్చోబెట్టాను. ఫొటోల్లో అక్షరాలు మసక, కామా ఏదో చుక్క ఏదో తెలీదు. ఆఖరి రోజు సాయంత్రానికి పోర్టలే తెరుచుకోలేదు. మర్నాడు పొద్దున ‘మీరు ఫెయిల్, పోర్టల్ చార్జీ 6,800 కట్టండి’ అని మెసేజ్.

నేను మాట్లాడకుండా ఉంటే, వకీలునంటూ ఒకడు ఫోన్ చేశాడు. నాకు కాదు, మా నాయనకు. అగ్రిమెంటులో రెండో నంబరని ఆయనది ఇచ్చింది నేనే. ‘మీ కొడుకు కంపెనీని మోసం చేశాడు, సాయంత్రంలోగా పోలీసులు మీ ఇంటికొస్తారు’ అన్నాడట. నాయన ఏడు రోడ్ల దగ్గర టీ అంగట్లో నలుగురి మధ్య ఆ ఫోన్ ఎత్తాడు. ఇంటికొచ్చి నన్ను తిట్టలేదు. ‘ఏంటికి అబ్బీ ఇట్ల చేసినావు’ అని మాత్రం అడిగాడు. తిట్టినా బాగుండేది.

సిగ్గుతో 3,000 ఫోన్‌పే చేశాను. మర్నాడు మిగతాదానికి ‘కోర్టు ఖర్చులు’ కలిపి 9,000 గంటలో కట్టమని కోర్టు పేరుతో వాట్సాప్‌లో నోటీసు పంపారు. అప్పుడు గానీ మా చిన్నాయన నన్ను తెలిసిన వకీలు దగ్గరికి తీసుకుపోలేదు. ఆయన నోటీసు చూసి నవ్వాడు. పని సరిగా చేయలేదన్నది సివిల్ తగాదా, దానికి పోలీసులు వచ్చి పట్టుకుపోరు, కోర్టు గంటలో కట్టమని వాట్సాప్‌లో బెదిరించదు అన్నాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేసి ఫిర్యాదిచ్చాను. డబ్బు పోయిన వెంటనే చేసి ఉంటే ఆపే వీలుండేదట. నేను వారం ఆగాను, డబ్బు రాలేదు.

ఆ వకీలు ఇంకో మాట అడిగాడు. ‘ఆ 500 పేజీలు టైప్ చేస్తే ఎవరికి లాభం? ఫొటోలో ఉన్న ఇంగ్లీషును కంప్యూటరే చదివేస్తుంది కదప్పా. దానికి నీకు 20 వేలు ఎవడిస్తాడు?’ నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి అదే శుభలేఖ తీసి, ‘డబ్బిచ్చేది ఎవరు, వాళ్లకు అది ఏంటికి కావాలి’ అని నాలుగో గడి గీశాను. డేటా ఎంట్రీ ఎదురుగా ఏమీ రాయలేకపోయాను. లోగో ఎదురుగా ‘ఎవరో ఒకరు’ అని రాశాను. తెలుగు టైపింగ్ ఎదురుగా మాత్రం పేర్లే రాయగలిగాను. వేమన యూనివర్సిటీలో తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్న మా ఊరి అన్న, అతని స్నేహితులు, ప్రెస్‌కు పుస్తకాలు తెచ్చే ఇద్దరు కథకులు.

ఆ అన్నకు ఫోన్ చేశాను. చేతిరాతలో 240 పేజీల సిద్ధాంత గ్రంథం, పేజీకి 30 రూపాయలు. ఈసారి ముందే చెప్పాను: మొదటి 40 పేజీలు ఇస్తాను, వాటి డబ్బు ఇచ్చాకే మిగతావి. మూడో రోజుకు 1,200 చేతికొచ్చాయి. ఒక తప్పు మాత్రం చేశాను. పేజీ అంటే ఏ పేజీయో మాట్లాడుకోలేదు. ఆయన గైడు అక్షరం సైజు తగ్గించమన్నాడు, 240 కాస్తా 205 అయ్యాయి. వెయ్యి రూపాయలకు పైగా పోయింది. సైజు, వరుసల మధ్య ఖాళీ ముందే కాగితం మీద పెట్టుకోండి. దిద్దుబాటు ఒకసారే ఉచితమని కూడా రాసుకోండి, గైడ్లు ఊరికే ఉండరు.

కథకుల్లో ఒకాయన పాత పుస్తకం అనులో ఉంది, ఈ-బుక్ వేయాలి. అను ఫాంటులో తెలుగు అక్షరాలన్నీ లోపల ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఉంటాయి. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే చెత్తలా కనిపిస్తుంది. ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ లాంటి చోట్ల వత్తులు చెదిరిపోయాయి, కొటేషన్ గుర్తులు ఇంకేదో అయ్యాయి. కన్వర్టర్ నొక్కడం ఎవడికైనా వస్తుంది. చెదిరినవి పట్టుకోవడానికి నాలుగేళ్లు అను కీబోర్డు మీద పడి ఉండాలి, ఈ మాట గర్వంగానే చెప్తున్నా. 160 పేజీలు, పేజీకి 15, సగం అడ్వాన్సు. ఆరు రోజుల్లో ఇచ్చేశాను.

రెండో కథకుడు నిన్న తన పుస్తకం ఫైల్ పంపాడు. తెరిచి చూస్తే పదో పేజీ వరకు అను, ఆ తర్వాత ఇంకేదో ఫాంటు. రేటు 20 చెప్పాను, ఒప్పుకున్నాడు.