"వాట్సాప్" అన్న మాటను దాచి పోగొట్టుకున్న సకినాల ఆర్డర్లు

నిన్న రాత్రి పదకొండు దాటాక ఆఖరి కామెంట్‌కు జవాబు రాసి ఫోన్ పక్కన పెట్టాను. భోగికి ఇంకా మూడు రోజులే ఉంది. మల్కాజ్‌గిరిలో మా ఇంట్లోనే సకినాలు, అరిసెలు, పొడులు చేసి అమ్ముతాను. ఆర్డర్లు సగానికి పైగా ఫేస్‌బుక్ పేజీ మీదే వస్తాయి. ఆ పేజీని శుభ్రం చేయబోయి ఏం చేసుకున్నానో, కోపం చల్లారక ముందే రాసేస్తున్నాను.

దసరా తర్వాత నుంచి పేజీ నిండా చెత్తే. లోన్లు ఇస్తామనే వాళ్లు, ఇంటి నుంచే రోజుకు మూడు వేలు అనే వాళ్లు, ఎవరో తెలియని వాళ్ల ఫ్లాట్ల ప్రకటనలు. బయటివాళ్లు పేజీలో పెట్టిన పోస్టులు తీసేయడం తేలికే. ముందు మన సొంత ప్రొఫైల్ నుంచి పేజీ ప్రొఫైల్‌కు మారాలి, లేకపోతే ఆ సెట్టింగులే కనిపించవు. పోస్ట్ పక్కన మూడు చుక్కలు నొక్కి ఒక్కొక్కటే తీసేశాను. తర్వాత పేజీలో ఎవరు పోస్ట్ చేయవచ్చు అన్న చోట బయటివాళ్లకు వీలు లేకుండా పెట్టాను. అరగంట పని.

బ్యాన్ చేయడంలో ఒక్క పొరపాటు చేశాను. కోపంలో ముందు కామెంట్ తీసేసి, ఆ తర్వాత మనిషిని వెతికాను. ఫాలోవర్ కాదు, పేరు గుర్తులేదు, ఇక ఎక్కడ దొరుకుతాడు? కామెంట్ ఉన్నప్పుడే దాని మూడు చుక్కల్లోంచి బ్యాన్ చేసి, ఆ తర్వాత తీసేయాలి. బ్యాన్ అయిన మనిషి కామెంట్ పెట్టలేడు కానీ పేజీని చూడగలడు. వాళ్లలో ఒకడు రెండు రోజులకే అదే ఫొటోతో, పేరు చివర ఒక అక్షరం మార్చుకుని మళ్లీ వచ్చాడు. అందుకే మాటల్ని బట్టి కామెంట్లు దాచే సెట్టింగు మీద పడ్డాను. నా కొంప ముంచింది అదే.

అమీర్‌పేటలో డిజిటల్ మార్కెటింగ్ నేర్పే ఒకాయన పదిహేను వందలు తీసుకుని ఈ పని చేసిపెట్టాడు. పేజీ పూర్తి అధికారం అడిగితే ఇచ్చేశాను. అది నేను ఎప్పటికీ చేయకూడని పని. కామెంట్లు చూసుకునే పని వరకే ఒకరికి అప్పగించే వీలు ఫేస్‌బుక్‌లో ఉంది, అంతవరకే ఇవ్వాలి. ఏ భాషలోనైనా వెయ్యి మాటల దాకా దాచే జాబితాలో పెట్టుకోవచ్చు. ఆయన తన దగ్గరున్న మూడు వందల మాటల జాబితా ఉన్నదున్నట్టు అందులో పోశాడు. నేను ఏం అమ్ముతానో, నా కస్టమర్లు ఎలా మాట్లాడతారో ఒక్క మాట అడగలేదు.

పన్నెండు రోజులు పేజీ అద్దంలా ఉంది. ఒక్క స్పామ్ లేదు. కామెంట్లు కూడా తగ్గాయి. ఈసారి సంక్రాంతికి గిరాకీ తక్కువేమో అనుకుని బియ్యం కూడా తక్కువే నానబెట్టాను.

మొన్న మధ్యాహ్నం నాచారం పెద్దమ్మ వచ్చింది. ఏటా రెండు కిలోల సకినాలు తీసుకుంటుంది. గుమ్మంలోనే నిలబడి, "ఏం బిడ్డా, నేను మూడుసార్లు రాసిన, నీకు కనవడ్తలేదా? పెద్దగైనవా?" అంది. నేను ఏ కామెంటూ చూడలేదన్నాను. ఆమె తన ఫోన్ తీసి చూపించింది. నా సకినాల పోస్ట్ కింద స్పష్టంగా ఉంది: "రెండు కిలోలు కావాలి బిడ్డా, వాట్సాప్ నంబర్ పెట్టు." ఆమె కూతురి ఫోన్‌లోనూ కనిపించింది. ఎదురింటి అక్క ఫోన్‌లో అదే పోస్ట్ తెరిస్తే మాత్రం ఆ కామెంట్ లేదు. మూడు ఫోన్లూ మెట్టు మీద పక్కపక్కన పెట్టి చూశాం. పెద్దమ్మ ముందు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సంగతి ఏమిటంటే, ఫేస్‌బుక్ దాచిన కామెంట్ రాసిన మనిషికీ, ఆ మనిషి స్నేహితులకూ కనిపిస్తూనే ఉంటుంది. మిగతా లోకానికి కనిపించదు. స్పామ్ పెట్టేవాడికి తన కామెంట్ దాగిందని తెలియకూడదు కాబట్టి అలా పెట్టారు, అది మంచిదే. కానీ నిజమైన కస్టమర్ కామెంట్ దాగితే ఆమెకూ తెలియదు. నేను చూసి కూడా పలకలేదనుకుంటుంది. తీసేసి ఉంటే ఏదో పొరపాటు జరిగిందని మళ్లీ అడిగేదేమో.

ఆ సాయంత్రం పోస్టుల కింద "All comments" ఎంచుకుని ఒక్కొక్కటీ చూశాను. దాగినవి అక్కడ మసకబారి కనిపించాయి, మొత్తం ముప్పై ఒక్క కామెంట్లు. అందులో ఆరు స్పామ్. ఇరవై ఐదు నా కస్టమర్లవి. జాబితాలో "వాట్సాప్", "నంబర్", "కాల్", "ఆఫర్", "ఫ్రీ" అన్నీ ఉన్నాయి. వంటలు అమ్మే పేజీలో నంబర్ అడగని మనిషి ఎవరు? "డెలివరీ ఫ్రీనా?" అని అడిగిన అమ్మాయి కామెంట్ కూడా దాగింది.

జాబితా మొత్తం ఖాళీ చేశాను. దాగిన ఆరు స్పామ్‌లూ, పాత స్క్రీన్‌షాట్లూ ముందు పెట్టుకుని, వాళ్లు రాసి నా కస్టమర్ రాయని మాటలు ఏరాను. ఒంటరి మాటలు కాకుండా రెండు మూడు మాటల జంటలు తీసుకుంటే మంచివాళ్లు చిక్కుకోరు. తెలుగు లిపిలో, ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు రకాలుగానూ పెట్టాలి, ఎందుకంటే వాళ్లు రెండు రకాలుగానూ రాస్తారు. ఇప్పుడు మొత్తం పద్నాలుగే ఉన్నాయి, వాటిలో కొన్ని:

```
instant loan, ఇన్‌స్టంట్ లోన్, part time job, పార్ట్ టైమ్ జాబ్, telegram, టెలిగ్రామ్
```

మా సకినాలకు టెలిగ్రామ్‌తో ఏ పనీ లేదు కాబట్టి ఆ మాట ఒంటరిగా ఉన్నా ఫరవాలేదు. లింకులు పెట్టే వాళ్ల కోసం, కామెంట్లను తనంతట తానే దాచే మోడరేషన్ అసిస్ట్ అన్న సెట్టింగులో లింక్ ఉన్న కామెంట్లను దాచమని వేరుగా పెట్టాను. నా కస్టమర్లు లింకులు పెట్టరు.

కొత్త మాట చేర్చిన ప్రతిసారీ ఎదురింటి అక్క ఫోన్‌లో చూస్తున్నాను. అడ్మిన్ ఫోన్‌లో చూస్తే దాగినవి కూడా కనిపిస్తాయి, కామెంట్ రాసిన మనిషి ఫోన్‌లోనూ కనిపిస్తాయి. ఈ ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషి ఫోనే కావాలి. నేను దాచలేదనుకున్నది నిజంగా అందరికీ కనిపిస్తోందా అన్నది అక్కడే తేలుతుంది. ఆదివారం రాత్రి "All comments" తెరిచి మసకగా ఉన్నవి చదవడం కూడా పెట్టుకున్నాను, పది నిమిషాలు పడుతోంది.

అమీర్‌పేట ఆయనకు ఫోన్ చేశాను. "స్పామ్ ఆగింది కదా మేడమ్" అన్నాడు. డబ్బులు అడగలేదు, పేజీ అధికారం మాత్రం ఆ క్షణమే తీసేశాను.

ఇరవై ఐదు కామెంట్లనూ ఒక్కొక్కటే అన్‌హైడ్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పి క్షమించమని రాశాను. పదకొండు మంది ఆర్డర్ ఇచ్చారు. ఎనిమిది మంది వేరేచోట తీసుకున్నామన్నారు. మిగతావాళ్ల దగ్గర నుంచి ఇంకా జవాబు లేదు. రాత్రికి మళ్లీ మూడు కిలోల బియ్యం నానబెట్టాను, పొద్దున్నే పిండి పట్టించాలి. పెద్దమ్మ రెండు కిలోలు మొదటి వాయిలోవే.