విప్పి బిగించుకునే టేబుల్, రెండో భాగం: ఎండీఎఫ్ పలకలో ఇన్సర్టులు

ఉండేది విజయనగరంలో అద్దె ఇంట్లో, మేడ మీద, మెట్లేమో ఇరుకు. అందుకే ఈ టేబుల్ పలకనీ కాళ్ల ఫ్రేమునీ విడివిడిగా మోసుకెళ్లి పైన బోల్టులతో బిగించేలా చేస్తున్నాను. ఫ్రేము టేకు, అది అయిపోయింది. ఇప్పుడు 18 మి.మీ. ఎండీఎఫ్ పలకకి అడుగు వైపు నుంచి ఎం6 ఇన్సర్టులు.

మామూలు మరమేకు ఎండీఎఫ్‌లో మొదటిసారి గట్టిగానే పట్టుకుంటుంది. కానీ ఎండీఎఫ్ అంటే జిగురుతో అదిమిన చెక్క పీచే కదా, విప్పి బిగించిన ప్రతిసారీ మేకు చేసుకున్న గాడి కాస్త పొడిగా రాలి, కొన్నాళ్లకి మేకు ఊరికే తిరుగుతుంది. ఇన్సర్టు లోపలా బయటా మరలున్న చిన్న లోహపు గొట్టం. బయటి మర చెక్కలోకి ఒక్కసారే దిగి అక్కడే ఉండిపోతుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు విప్పినా లోహం మీద లోహమే తిరుగుతుంది, చెక్క జోలికి పోదు.

అసలు పనంతా రంధ్రం సైజులో ఉంది. ప్యాకెట్ మీద రాసింది నమ్మకుండా వెర్నియర్‌తో కొలవండి, మర అంచుల మీద కాదు, మరల మధ్యనున్న గొట్టం మందం. నా దగ్గరున్న వాటికి గొట్టం 8 మి.మీ. పైచిలుకు, మరతో కలిపి 10. పారేసే ముక్క మీద చూస్తే 8 మి.మీ. రంధ్రంలో బలవంతంగా దిగుతూ చుట్టూ ఉన్న ఎండీఎఫ్‌ని ఉబ్బించేసింది, వేలితో తడిమితే గుట్టలా తగులుతుంది. 8.5కి శుభ్రంగా దిగింది. టేకు గట్టిది కాబట్టి అందులో 9 పెట్టాలి, లేకపోతే జింకు ఇన్సర్టు లోపలి ఆరు పలకల గాడి ఎలెన్ కీ కింద అరిగిపోతుంది. 8.5తో కూడా పైపొర కొద్దిగా లేస్తుంది, అందుకే రంధ్రం మూతిని కౌంటర్‌సింక్ బిట్టుతో ఒక మి.మీ. లోతు వెడల్పు చేశాను. ఆ ఉబ్బుని తక్కువగా చూడకండి, దాని మీద ఫ్రేము ఆనితే జాయింటు పూర్తిగా మూసుకోదు, మూసుకోని జాయింటులో బోల్టు ఎంత బిగిస్తే ఇన్సర్టుని అంత బయటికి లాగుతుంది. ఇన్సర్టుని కూడా పలక మట్టానికి అర మి.మీ. కిందికి దించింది ఇందుకే.

దించడానికి ఎలెన్ కీ కన్నా ఒక బోల్టు, ఒక నట్టు మేలు. బోల్టుకి నట్టు ఎక్కించి, బోల్టుని ఇన్సర్టులోకి తిప్పి, నట్టుని ఇన్సర్టు నెత్తి మీదకి బిగించి, బోల్టు తల పట్టుకుని తిప్పడమే. దిగాక బోల్టు తలని కదలకుండా పట్టుకుని ముందు నట్టు వదులు చేయాలి, ఆ తర్వాతే బోల్టు. తిన్నగా బోల్టు తిప్పితే ఇన్సర్టు కూడా వెనక్కి వచ్చేస్తుంది. నిలువు తప్పకుండా డ్రిల్ స్టాండు చక్‌లో బోల్టు తల కోసేసి బిగించి, కరెంటు తీసేసి చేత్తో తిప్పాను. రంధ్రం గోడలకి ముందే రెండు భాగాల ఎపాక్సీ పల్చగా రాశాను. తెల్ల జిగురు వద్దు, అందులోని నీటికి ఎండీఎఫ్ ఉబ్బుతుంది. లోపలి మరలోకి ఎపాక్సీ పోకుండా బోల్టుకి కొవ్వొత్తి మైనం రుద్దాను.

మా వడ్రంగి మేస్త్రి వచ్చి చూసి, "ఏటి బాబూ, ఈ సిన్న గొట్టం ఇంత పలకని ఆపుద్దా?" అన్నాడు. పలక బరువు ఫ్రేము మీదే కూర్చుంటుంది, ఎత్తి జరిపినప్పుడే ఇన్సర్టు మీద లాగుడు పడుతుంది అని చెప్పాక కూడా నమ్మకం కుదిరినట్టు లేదు.

ఇక బోల్టు పొడవు, చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే. ఫ్రేము మీదున్న రీపరు 18 మి.మీ., వాషరు 1.5, కలిపి 19.5. 30 మి.మీ. బోల్టయితే పలకలోకి 10.5 వెళ్తుంది. నా ఇన్సర్టు పొడవు 10, అర మి.మీ. కిందికి ఉంది కాబట్టి మర మొత్తం పట్టుకుంటుంది. షాపులో 35 ఇస్తే సరిపోద్దిలే అనుకోకండి, అది 15.5 లోపలికి పోతుంది, రంధ్రం లోతు 14. మొన అడుగున తన్నుకుని బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది కానీ జాయింటు వదులుగానే ఉంటుంది, ఇంకా తిప్పితే పలక పైన బుడిపె లేస్తుంది. రీపరులో రంధ్రం 7 మి.మీ. పెట్టాను, బోల్టు అక్కడ పట్టుకోకుండా జారాలి.

పలక అంచులోకి మాత్రం ఇన్సర్టు పెట్టడం లేదు. ముక్క అంచుని జీ క్లాంపుతో బిగించి పట్టుకుని మరీ దించి చూశాను, క్లాంపు తీశాక పుస్తకం పుటల్లా పొర విడింది. 18లో 8.5 పోతే రెండు వైపులా ఐదు మి.మీ. కూడా మిగలదు, మిగిలింది కూడా పొరల దిశలోనే. అంచున బోల్టు కావాల్సిన చోట అడ్డంగా కూర్చునే గుండ్రటి బ్యారెల్ నట్టు వేయడమే దారి.

ఎపాక్సీ ఒక రాత్రి ఆరాక ప్రతి ఇన్సర్టు నెత్తి నుంచి చెక్క మీదకి మార్కర్‌తో ఒక గీత గీశాను. రెండుసార్లు విప్పి బిగించాక గీతలన్నీ ఇంకా కలిసే ఉన్నాయి. గీత విరిగితే ఇన్సర్టు చెక్కలో తిరిగిందని అర్థం, అప్పుడు దాన్ని తీసి ఆ రంధ్రాన్ని పెద్దది చేసి, టేకు బిళ్ల ఎపాక్సీతో అతికించి, అందులో కొత్తది వేయాలి. వచ్చే ఆదివారం డ్రాయరు పెట్టె పని, అక్కడే బ్యారెల్ నట్లు.