రిసర్పిన్‌ని ఎటు తిప్పి అడిగినా: జీప్యాట్ ప్రిపరేషన్‌లో నేను చదివిన తీరు

బీపీ మందుల చాప్టర్లో రిసర్పిన్‌ని చాలామంది ఒక్క లైన్లో దాటేస్తారు: "సర్పగంధ వేరు నుంచి వస్తుంది, పాత మందు, డిప్రెషన్ తెస్తుంది." వాడకం బాగా తగ్గిన మాట నిజమే. అయినా పేపర్ సెట్ చేసేవాళ్లు దీన్ని వదలరు. నరం చివర ఏం జరుగుతుందో మనకు అర్థమైందా, బట్టీ పట్టామా అన్నది ఈ మందు మీద రెండు ప్రశ్నలు వేస్తే తేలిపోతుంది. అందుకే సైడ్ ఎఫెక్టుల జాబితా జోలికి పోకుండా నేను ముందు సింపథెటిక్ నరం చివర బొమ్మ గీసుకున్నాను.

టైరోసిన్ డోపా అవుతుంది, డోపా డోపమిన్ అవుతుంది. ఇక్కడిదాకా పని సైటోప్లాజంలోనే. డోపమిన్‌ని నార్‌ఎడ్రినలిన్‌గా మార్చే డోపమిన్ బీటా హైడ్రాక్సిలేజ్ మాత్రం వెసికిల్ లోపల ఉంటుంది. డోపమిన్‌ని అక్కడికి చేర్చేది వెసికిల్ పొరలోని వీమ్యాట్ అనే ట్రాన్స్‌పోర్టర్. రిసర్పిన్ అడ్డుకునేది దీన్నే, ఒకసారి పట్టుకుంటే ఇక వదలదు. అప్పుడు వెసికిల్ నుంచి కొద్దికొద్దిగా కారే నార్‌ఎడ్రినలిన్‌కి వెనక్కి వెళ్లే దారి ఉండదు. గోదాముకి తాళం పడితే వాకిట్లో మిగిలిన వడ్లు పందికొక్కుల పాలైనట్టు, అది మైటోకాండ్రియా మీదున్న మోనోఅమైన్ ఆక్సిడేజ్ పాలవుతుంది. డోపమిన్ కూడా లోపలికి పోలేదు కాబట్టి కొత్త నార్‌ఎడ్రినలిన్ తయారవడమూ ఆగుతుంది. ఉన్నదీ పోయింది, వచ్చేదీ లేదు. పుస్తకాల్లో 'డిప్లీషన్' అనేది దీన్నే.

ఈ బొమ్మ చేతిలో ఉంటే బీపీ ట్రేసింగ్ ప్రశ్న సులువు. మత్తులో ఉన్న జంతువుకి టైరమిన్ ఇస్తే బీపీ పెరిగింది, నార్‌ఎడ్రినలిన్ ఇచ్చినా పెరిగింది. తర్వాత ఒక తెలియని మందు ఇచ్చి, తగినంత సమయం ఆగి మళ్లీ చూశారు. ఈసారి టైరమిన్‌కి గీత దాదాపు కదల్లేదు, నార్‌ఎడ్రినలిన్‌కి మాత్రం ముందుకంటే ఇంకా ఎక్కువ లేచింది. టైరమిన్‌కి సొంత బలం లేదు, నరం చివర ఉన్న నిల్వను బయటికి నెట్టి పనిచేస్తుంది. నిల్వే లేకపోతే అది నెట్టేదేముంది? నార్‌ఎడ్రినలిన్ నేరుగా రిసెప్టర్ మీద పడుతుంది, పైగా సరఫరా ఆగిపోయిన రిసెప్టర్లు సున్నితంగా తయారై ఉంటాయి. ఆప్షన్లలో ప్రజోసిన్ పెట్టి తికమక పెడతారు. అది ఆల్ఫా బ్లాకర్ కాబట్టి దాంతో నార్‌ఎడ్రినలిన్ స్పందన కూడా తగ్గాలి. కాబట్టి జవాబు రిసర్పిన్.

సైడ్ ఎఫెక్టులు కూడా ఇక్కడినుంచే రాబట్టుకోవచ్చు. సింపథెటిక్ తగ్గితే పారాసింపథెటిక్‌ది పైచేయి: ముక్కు దిబ్బడ, గుండె వేగం తగ్గడం, విరేచనాలు, కడుపులో యాసిడ్. అల్సర్ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదనేది విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

అసలు చిక్కు మెదడు దగ్గర. రిసర్పిన్ మెదడులోకి సులువుగా వెళ్తుంది, అక్కడ డోపమిన్, సెరటోనిన్ నిల్వలకూ ఇదే ట్రాన్స్‌పోర్టర్ ఆధారం. డోపమిన్ తగ్గితే పార్కిన్సనిజం లక్షణాలు వస్తాయి. 1957లో కార్ల్‌సన్ బృందం రిసర్పిన్‌తో కదలకుండా పడి ఉన్న కుందేళ్లకు ఎల్-డోపా ఇస్తే అవి మళ్లీ లేచి తిరిగాయి, సెరటోనిన్ పూర్వపదార్థం ఇస్తే లేవలేదు. ఈ ప్రయోగం మీద కూడా ప్రశ్న వేయొచ్చు.

డిప్రెషన్ విషయంలో మాత్రం ఆప్షన్లను జాగ్రత్తగా చదవాలి. 1950లలో బీపీ కోసం రిసర్పిన్ వాడినవాళ్లలో కొందరికి డిప్రెషన్ వచ్చిందని డాక్టర్లు రాశారు, మోనోఅమైన్లు తగ్గితే డిప్రెషన్ వస్తుందన్న సిద్ధాంతానికి అది ఒక ఆధారమైంది. కానీ వాడినవాళ్లందరికీ రాలేదు. అప్పటి డోసులు ఎక్కువ, తర్వాత వాడిన రోజుకు 0.25 మిల్లీగ్రాముల లోపు డోసుల్లో ఈ ప్రమాదం చాలా తక్కువగా కనిపించింది. మందు వల్ల వచ్చే మగతనీ నీరసాన్నీ కూడా కొన్నిసార్లు డిప్రెషన్‌గా లెక్కేశారన్న విమర్శ కూడా ఉంది. అందుకని "తప్పనిసరిగా" అన్న మాట ఉన్న ఆప్షన్‌ని నేను కొట్టేసేవాణ్ణి. గతంలో డిప్రెషన్ వచ్చినవాళ్లకు ఇవ్వకూడదన్నది మాత్రం నిలబడే జవాబు.

ఒక కేసు ఇలా వస్తుంది. పేషెంటు రిసర్పిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు తెల్లవారుజామునే మెలకువ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఆత్మహత్య ఆలోచనలు. మందు ఆపారు, అయినా వారం తర్వాత కూడా లక్షణాలు పోలేదు. కారణం? రక్తంలో మందు మిగిలి ఉందనేది ఎర ఆప్షన్. ట్రాన్స్‌పోర్టర్ శాశ్వతంగా మూతపడింది కాబట్టి కొత్త వెసికిళ్లు కణదేహంలో తయారై ఆక్సాన్ గుండా చివరికి చేరేదాకా నిల్వ కోలుకోదు. బీపీ మీద పూర్తి ప్రభావం రావడానికి రెండు మూడు వారాలు పట్టడం, ఆపాక తగ్గడానికీ అంతే ఆలస్యం కావడం ఈ రకం మందు లక్షణమే. ఇదే ప్రశ్నలో గ్వానెథిడిన్ పేరు కనిపిస్తే, అదీ నరం చివర నిల్వల్ని ఖాళీ చేసేదే కానీ మెదడులోకి వెళ్లదు కాబట్టి దాన్ని పక్కనపెట్టొచ్చు.