31 మంది రాసిన ఒకే ఉత్తరం

నిన్న నరసాపురం నుంచి మూడో కవరు వచ్చింది. పిల్లలు అన్నం గంట కొట్టినా లేవకుండా చదువుకున్నారు. అది చూశాకే జులైలో పడ్డ అవమానం గురించి రాయాలనిపించింది.

నేను మదనపల్లె దగ్గర ఒక హైస్కూల్లో ఏడో తరగతికి తెలుగు చెబుతాను. బీఎడ్‌లో నాతో చదివిన స్నేహితురాలు నరసాపురంలో టీచరు. తన తరగతికీ నా తరగతికీ ఉత్తరాలు నడపాలనుకున్నాం. అనుమతి ఒక్కరోజులో వచ్చింది. ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు రాయకూడదని, అన్నీ బడి చిరునామాకే రావాలని ముందే మాట్లాడుకున్నాం. నా దగ్గర 31 మంది, తన దగ్గర 28 మంది. అక్కడ చకచకా రాసే ముగ్గురికి ఇద్దరేసి స్నేహితులను ఇచ్చింది. ఉత్తరాలన్నీ ఒకే కవర్లో పెడితే 130 గ్రాములు తూగింది. 20 గ్రాములకు 5 రూపాయల లెక్కన 35 రూపాయల స్టాంపులు అంటించాం. తూకం వేయించకుండా డబ్బాలో వేయకండి, తక్కువ పడితే అందుకునేవాళ్లు రెండింతలు కట్టాలి.

పది రోజుల తర్వాత స్నేహితురాలు ఫోన్ చేసింది. "ఏమే, నువ్వు పంపింది 31 ఉత్తరాలు కాదు, ఒకే ఉత్తరం. మా పిల్లలు పక్కపక్కన పెట్టి చూసుకుని, దేనికి జవాబు రాయాలి టీచర్ అని అడుగుతున్నారు."

నా చేతిలో ఉన్న కాపీలు తీసి చూశాను. నిజమే. "ప్రియమైన మిత్రునికి, నేను ఇక్కడ క్షేమం, నీవు అక్కడ క్షేమమని తలుస్తాను. మా ఊరు మదనపల్లె. మా ఊరు చాలా అందమైనది." నేను బోర్డు మీద నమూనా రాశాను, చిత్తుప్రతులను ఎర్రసిరాతో దిద్దాను, మళ్లీ సాఫు రాయించాను. పదకొండేళ్లుగా లేఖారచనను ఇలాగే చెబుతున్నాను. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ కుడివైపు పైన తేదీ ఉందా, సంబోధన ఉందా అని మాత్రమే చూశాడు. ఆ ఉత్తరం ఎవరికి, ఎందుకు అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అయినా అక్కడి పిల్లలు జవాబులు రాశారు. మా వాడొకడు నా కంటపడకుండా నమూనాలో లేని వాక్యం ఒకటి చేర్చాడు: "మా నాయన తెల్లారుజామునే మండీకి పోతాడు." అతనికి వచ్చిన జవాబులో మొదటి ప్రశ్న "మండీ అంటే ఏమిటి?" రెండోది "అంత పొద్దున్నే ఎందుకు?"

ఎప్పుడూ నాలుగు వాక్యాలు దాటని పిల్లవాడు ఈసారి పేజీన్నర రాశాడు. టమాటాలను క్రేట్లలో ఎలా పేరుస్తారో, వేలంపాట ఎలా పాడతారో, ధర పడిపోయిన రోజు నాయన ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడడని రాశాడు. 'క్రేటు' అంటే వాళ్లకు తెలుస్తుందా మేడమ్ అని తానే అడిగి, పక్కన బొమ్మ గీశాడు. చదివేవాళ్లకు ఏం తెలియదో ఊహించి రాయడం నేను నేర్పలేదు, ఆ రెండు ప్రశ్నలు నేర్పాయి.

అటునుంచీ అంతే. "పంటు మీద గోదావరి దాటి అమ్మమ్మ ఊరికి వెళ్లాం" అని ఒక అమ్మాయి రాస్తే, ప్యాంటు అనుకుని మా తరగతంతా తికమకపడింది. మళ్లీ అడిగితే, బస్సులు, బైకులు, మనుషులు కలిసి ఎక్కే బల్లపరుపు పడవ అనీ, నరసాపురం రేవులో ఎక్కితే అవతల సఖినేటిపల్లిలో దిగుతామనీ వివరంగా వచ్చింది. మావాళ్లు 'ఉర్లగడ్డ' అంటే వాళ్లకు బంగాళాదుంప అని చెప్పాల్సి వచ్చింది. అలాంటి మాటలను మార్చనివ్వలేదు, పక్కన అర్థం రాయమన్నాను.

ఇప్పుడు బోర్డు మీద ఏమీ రాయను. ముందు వచ్చిన ఉత్తరం చదివి, ప్రశ్నలున్న చోట గీత గీయాలి. వాటికి జవాబులయ్యాకే సొంత సంగతులు, చివర నిజంగా తెలుసుకోవాలనుకున్నవి రెండు ప్రశ్నలు. పక్కబెంచి వాళ్లకు చదివి వినిపించాలి, వాళ్లకు అర్థం కాని చోటు మాత్రమే తిరగరాయాలి. ల, ళ తప్పులు కొన్ని అలాగే వెళ్తున్నాయి. వాటిని విడిగా వ్యాకరణం పీరియడ్‌లో చెబుతున్నాను. ఉత్తరం మీద ఎర్రసిరా పెట్టడం మానేశాను.

ఒక్క విషయంలో ఇంకా సరైన దారి దొరకలేదు. పరీక్షల వల్ల రెండో విడత ఐదు వారాలు ఆలస్యమైంది, ఈలోగా ఏం అడిగారో పిల్లలే మరిచిపోయారు. మూడు వారాలు దాటకూడదని ఇప్పుడు ఇద్దరం క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాం. బడికి రాని పిల్లవాడి స్నేహితుడికి ఖాళీ చేయి మిగలకుండా, ఆ విడతకు నేనే జవాబు రాస్తున్నాను.

నిన్నటి కవర్లో లేసు అల్లే ఒక అమ్మ గురించి ఉంది. దారం ఎవరిస్తారు, అల్లినదానికి ఎంతిస్తారు అని మా అమ్మాయిలు నలుగురు అప్పుడే కాగితాలు తీశారు. సోమవారం పోస్టు చేయాలి.