స్కూల్లో వేసిన సూదిలో గవదబిళ్ళల మందు లేదు

మెస్‌లో పప్పన్నంలో నిమ్మకాయ పచ్చడి కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఎడమ చెవి కింద జివ్వుమని లాగింది. పంటి నొప్పి అనుకుని అవతలి వైపు నమిలాను. మర్నాడు పొద్దున అద్దంలో చూస్తే దవడ మూల కనపడడం లేదు, చెవి తమ్మె పైకి లేచి ఉంది.

2024 దసరా సెలవుల తర్వాత మా ఫ్లోర్‌లో ఒక జూనియర్‌కి ఇలాగే బుగ్గ వాచింది. పాపం, వాడిని అందరం ఆట పట్టించాం. అది జరిగిన పదిహేడో రోజున నాకొచ్చింది. ఈ వైరస్ ఒంట్లో చేరాక బయటపడడానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుందట. వాపు రావడానికి రెండు రోజుల ముందు నుంచే అంటిస్తాం. కూలర్ దగ్గర గొలుసుతో కట్టిన ఒక్క స్టీలు గ్లాసుతో నీళ్ళు తాగే హాస్టల్‌లో ఇక చెప్పేదేముంది!

డాక్టర్ గారు దవడ ఎముక వెంట వేలితో తడిమి, నోరు తెరిపించి బుగ్గ లోపల లాలాజల గ్రంథి నాళం తెరుచుకునే చోట టార్చి వేసి చూశారు. అక్కడ ఎర్రగా ఉందన్నారు. రక్త పరీక్షలోనూ గవదబిళ్ళలే అని తేలింది. వాపు మొదలైన రోజు నుంచి ఐదు రోజులు విడిగా ఉండమన్నారు. యాంటీబయాటిక్ ఇవ్వలేదు, పారాసిటమాల్ మాత్రమే రాశారు. పుల్లటివి ముట్టుకోవద్దన్నారు, పులుపు తగిలితే లాలాజలం ఊరి గ్రంథి ఇంకా సలుపుతుందట. ఇంటికి వెళ్ళగానే అమ్మ తన బంగారు గొలుసు తీసి నా మెడలో వేసింది. దానివల్ల తగ్గుతుందని నేను నమ్మను, కానీ తీయలేదు.

ఆరో రోజుకి బుగ్గ తగ్గింది. ఏడో రోజు రాత్రి చలితో జ్వరం మళ్ళీ వచ్చింది, కుడి వృషణం వాచి నడవనివ్వలేదు. సిగ్గుతో ఒక పూటంతా ఎవరికీ చెప్పలేదు. అది తప్పే. ఎందుకంటే వృషణం మెలిపడినా నొప్పి ఇలాగే ఉంటుంది, అప్పుడు కొన్ని గంటల్లో ఆపరేషన్ చేయకపోతే అది చచ్చుబడిపోతుంది. డాప్లర్ స్కాన్ చేసి, రక్తం బాగానే వెళ్తోంది, ఇది గవదల వాపే అన్నాక ఊపిరి పీల్చుకున్నాను. ఐస్, బిగుతైన లోదుస్తులు, విశ్రాంతి, ఇంతే వైద్యం. పది రోజులు పట్టింది. పిల్లలు పుట్టరేమోనన్న నా టెన్షన్ చూసి డాక్టర్ గారు, "ఒకవైపే వచ్చింది కదా, అలా జరగడం చాలా అరుదు" అన్నారు.

నాకు అర్థం కానిది ఒక్కటే. 2017 ఆగస్టులో ఏడో తరగతిలో ఉండగా స్కూల్లో మాకందరికీ సూది వేశారు, బొటనవేలి గోరు మీద గుర్తు కూడా పెట్టారు. మరి నాకెలా వచ్చింది? అమ్మ ఆ కార్డు వెతికి తీసింది. దాని మీద ఎంఆర్ అని ఉంది. అంటే తట్టు, రూబెల్లా. ఎంఎంఆర్ టీకాలో గవదలకు ఉండే రెండో ఎం దీని మీద లేదు, గవదలకు మందు అందులో లేనే లేదు. చిన్నప్పుడు సర్కారు ఆసుపత్రిలో వేసింది ఒట్టి తట్టు టీకా. అంటే నాది సున్నా డోసు.

రూమ్మేట్లు ముగ్గురూ "ఇంకో డోసు వేయించుకోవాలా?" అని అడిగితే, ముందు కార్డులు తెప్పించమన్నారు డాక్టర్ గారు. ఒకడిది నాలాంటి కార్డే. ఇంకొకడి కార్డు ఎప్పుడో పోయింది. ఆ ఇద్దరికీ 28 రోజుల తేడాతో రెండు ఎంఎంఆర్ డోసులు చెప్పారు. కార్డు లేనివాడికి చిన్నప్పుడు వేసి ఉన్నా, ఇంకోసారి వేస్తే నష్టం లేదట. గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకు మాత్రం వేయరు, ఇది బతికున్న వైరస్ టీకా కాబట్టి.

మూడోవాడికి ప్రైవేటు పిల్లల డాక్టర్ దగ్గర రెండు డోసులూ పడ్డాయి, రెండోది ఐదో ఏట. ఆలోచించాల్సింది వీడి గురించే. గవదల రక్షణ ఏళ్ళు గడిచేకొద్దీ పలచబడుతుంది. అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో 2015-16లో ఇలాగే వ్యాపించినప్పుడు 259 మందికి వచ్చింది, వాళ్ళలో చాలామంది రెండు డోసులు పడ్డవాళ్ళే. అక్కడ మూడో డోసు ఇచ్చారు. అది వేయించుకున్నవాళ్ళలో వెయ్యికి ఏడుగురికి వస్తే, రెండు డోసులతో ఆగినవాళ్ళలో వెయ్యికి దాదాపు పదిహేను మందికి వచ్చింది. 2017 చివర్లో అక్కడి టీకా సలహా సంఘం మూడో డోసుకి ఒప్పుకుంది, అదీ వ్యాధి వ్యాపిస్తున్న గుంపులో ఉన్నవాళ్ళకే. మామూలు రోజుల్లో రెండు చాలు.

"నీ గదిలోనే ఒకడికి వచ్చింది కాబట్టి వేయించుకో. కానీ వైరస్ ఇప్పటికే నీ ఒంట్లో చేరి ఉంటే ఈ సూది ఆపలేదు" అని వాడికి ముందే చెప్పారు. వాడు వేయించుకున్నాడు. కార్డు పోయినవాడు కూడా అదే రోజు మొదటి డోసు వేయించుకున్నాడు, పన్నెండో రోజున వాడి బుగ్గ వాచింది. సూది వల్లే వచ్చిందని ఫ్లోరంతా ఒకటే గోల. సూదికి ముందే అంటుకుని ఉంటుందని నేను తేదీలు లెక్కేసి చూపిస్తే సగం మంది విన్నారు.

కూలర్ దగ్గర ఆ గ్లాసు ఇంకా గొలుసుకి వేలాడుతూనే ఉంది.